ఆ రోజు సరుకు ఆ రోజే: ఒక గోడౌన్ మేనేజర్ మెయిల్

(విజయవాడలో గోడౌన్ సూపర్‌వైజర్లు, స్టోర్ కీపర్ల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఇవాళ ఒకే ఒక్క మెయిల్ గురించి మాట్లాడతాను. ఒక మందుల డిపో మేనేజర్ గారు తన సిబ్బందికి రాసింది. విషయం ఏమిటంటే, వచ్చే సోమవారం నుంచి గోడౌన్లో ఏ సరుకు కదిలినా ఆ కదలిక ఆ రోజే కంప్యూటర్లోకి ఎక్కాలి. ఇలాంటి మెయిల్ మీలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది, లేదా మీరే పంపి ఉంటారు. పంపిన పది రోజులకి దాని గతి ఏమవుతుందో కూడా మీకు తెలుసు. (నవ్వులు)

ఆయన ముందు ఒక చిత్తు రాసి నాకు చూపించారు. అందులో ఏముందంటే: "సరుకు ఎంట్రీలలో తీవ్ర నిర్లక్ష్యం జరుగుతున్నట్లు యాజమాన్యం దృష్టికి వచ్చింది. ఇకపై అన్ని ఎంట్రీలు అదే రోజు పూర్తి చేయవలెను. ఉల్లంఘించిన వారిపై కఠిన చర్యలు తీసుకోబడును." అంతే, మూడు వాక్యాలు. నేను ఆయన్ని మూడే అడిగాను. రాత్రి పదకొండింటికి దిగిన లారీకి "అదే రోజు" అంటే ఏ రోజు? ఇన్వాయిస్ లేకుండా వచ్చిన సరుకుని ఏ పేరుతో ఎక్కించాలి? ఎంట్రీ ఎవరు చెయ్యాలి, దింపినవాడా, ఆపరేటరా, సూపర్‌వైజరా? ఆయన కాసేపు ఆలోచించి, "ఇవన్నీ వాళ్లకి తెలుసు కదండీ" అన్నారు. తెలుసు. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తెలుసు. గొడవంతా అక్కడే.

ముందు ఆ డిపోలో ఏం జరిగిందో చెబుతాను. మెయిల్ ఎందుకు అలా రాయాల్సి వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది. లెక్క తేలిగ్గా ఉండేలా సంఖ్యలు గుండ్రంగా మార్చాను, జరిగిన వరస మాత్రం అదే. వీలైతే కాగితం మీద రెండు గీతలు గీసుకోండి. ఎడమ పక్క కంప్యూటర్లో ఉన్న నిల్వ, కుడి పక్క నేల మీద ఉన్న నిల్వ.

సరుకు పిల్లల జ్వరం సిరప్. కేసుకి 100 సీసాలు. సోమవారం ఉదయం కంప్యూటర్లో 40 కేసులు, నేల మీద 40 కేసులు. అంతా బాగుంది.

పదకొండు గంటలకి కంపెనీ నుంచి లారీ వచ్చింది. 30 కేసులు దిగాయి. అందులో 2 కేసులు కింద తడిసి ఉన్నాయి. హమాలీల ముఠా మేస్త్రి అది చూసి పక్కన పెట్టించాడు, మంచి పని చేశాడు. ఇన్‌వర్డ్ చూసే కుర్రాడు ఇన్వాయిస్ తీసి అట్టపెట్టె మీది బ్యాచ్ నంబరుతో పోల్చాడు. ఒక బ్యాచ్ కలవలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే "రేపు చూసి చెబుతాం" అన్నారు. దాంతో సరుకు మనకి అందిందని వేసే ఎంట్రీ, అదే జీఆర్‌ఎన్, మొత్తం ఆపేశాడు. గమనించండి, ఇక్కడ ఎవరూ బద్ధకించలేదు. బ్యాచ్ పోల్చడం ఆ కుర్రాడి డ్యూటీ, తేడా వస్తే అడగడం కూడా డ్యూటీయే. కంప్యూటర్లో 40, నేల మీద 70.

నాలుగు గంటలకి తెనాలి డీలర్‌కి 15 కేసుల బిల్లు కొట్టారు. బిల్లు కొట్టగానే కంప్యూటర్లో నిల్వ 25కి దిగింది. కానీ ట్రాన్స్‌పోర్ట్ బండి రాలేదు. 15 కేసులూ తాళ్లు కట్టి, బండిలోకి సరుకు ఎక్కించే డాక్ దగ్గరే ఉన్నాయి. నేల మీద ఇంకా 70.

మంగళవారం పొద్దున బండి వచ్చి ఆ 15 తీసుకెళ్లింది. అదే బండిలో ఇంకో డీలర్ వాపసు పంపిన 3 కేసులు దిగాయి. వాపసు చీటీ డ్రైవర్ ఇస్తే, ర్యాక్‌ల నుంచి సరుకు తీసి ఇచ్చే మన పికర్ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ 3 కేసుల్ని అదే సిరప్ ర్యాక్ పక్కన పెట్టాడు. ఇప్పుడు నేల మీద 58, కంప్యూటర్లో 25.

మధ్యాహ్నం ఇంకొక డీలర్ 35 కేసులు అడిగాడు. బిల్లింగ్ అమ్మాయి కంప్యూటర్ చూసి, "25 ఉన్నాయండీ" అని 25కే బిల్లు చేసింది. 10 కేసుల ఆర్డర్ పోయింది. నిల్వ సున్నా అయింది కాబట్టి అర్జెంటుగా 50 కేసులు పంపమని కంపెనీకి మెయిల్ కూడా వెళ్లింది. నిజానికి ఆ అమ్మాయి కుర్చీకి వెనకాల గోడ అవతల అమ్మదగిన సరుకు 53 కేసులు ఉన్నాయి. 58లోంచి తడిసిన 2, పరీక్ష చెయ్యని వాపసు 3 తీసేస్తే 53. ఉన్న సరుకుని లేదని చెప్పి వ్యాపారం పోగొట్టుకున్నాం, పైగా అక్కర్లేని సరుకు తెప్పించుకుంటున్నాం. ఇది మొదటి నష్టం. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆలస్యమైతే ఏముంది, సాయంత్రానికో రేపటికో ఎక్కుతుంది, లెక్క సరిపోతుంది అనుకుంటారు. సరిపోదు. అది చూడండి.

25 కేసులు వెళ్లిపోయాక నేల మీద 33 మిగిలాయి: మంచివి 28, తడిసినవి 2, వాపసు 3. సాయంత్రం కంపెనీ నుంచి బ్యాచ్ సంగతి తేలింది. కుర్రాడు జీఆర్‌ఎన్ చేశాడు, ఇన్వాయిస్‌లో ఉన్నట్టు 30 కేసులూ ఎక్కించాడు. తడిసిన రెంటి సంగతి అప్పటికి ఎవరికీ గుర్తులేదు. కంప్యూటర్లో 30, నేల మీద 33.

బుధవారం సూపర్‌వైజర్ ఆ ర్యాక్ లెక్కపెట్టాడు. 33 వచ్చాయి. కంప్యూటర్ 30 అంటోంది. 3 ఎక్కువ ఎందుకున్నాయి? జీఆర్‌ఎన్ హడావిడిలో చేశారు కదా, అక్కడే తేడా వచ్చి ఉంటుందనుకుని స్టాక్ అడ్జస్ట్‌మెంట్ వేసి 33 చేసేశాడు. సరిపోయింది కదా! గురువారం పికర్ చొక్కా ఉతకడానికి వేస్తుంటే ఇంట్లో జేబులోంచి చీటీ బయటపడింది. నిజాయితీపరుడు, తెచ్చి ఇచ్చాడు. ఆపరేటర్ వాపసు 3 కేసులు ఎక్కించాడు. కంప్యూటర్లో 36, నేల మీద 33.

ఆ నెలాఖరు దాకా ఇంకేం కదలలేదనుకోండి. ఆడిటర్ వచ్చి లెక్కపెడతాడు. 36 ఉండాల్సిన చోట 33 ఉన్నాయి, అందులో రెండు తడిసినవి. "3 కేసులు, 300 సీసాలు ఏమయ్యాయి?" అని అడుగుతాడు. ఎవరూ దొంగతనం చెయ్యలేదు. ఎవరూ లెక్క తప్పు పెట్టలేదు. రాసిన ప్రతి ఎంట్రీకీ ఏదో ఒక కాగితమో కారణమో ఉంది. అయినా 3 కేసులు పోయాయి, అసలు ఎప్పుడూ లేని 3 కేసులు. ఆ సిరప్ ర్యాక్ చూసే పికర్ మీద అనుమానం వచ్చింది. చీటీ తెచ్చి ఇచ్చినవాడే అతను. అందుకే నాకీ విషయం మీద ఇంత పట్టుదల.

ఆలస్యపు ఎంట్రీ కాసేపు తప్పుగా ఉండి తర్వాత సరిపోయేది కాదు. అది రాకముందే ఇంకొకరు ఆ ఖాళీని చూస్తారు, తమకి తోచిన ఎంట్రీతో పూడుస్తారు. తర్వాత అసలు ఎంట్రీ కూడా వచ్చి కూర్చుంటుంది. ఒకే కదలిక రెండుసార్లు ఎక్కుతుంది. దాన్ని వెతికి పట్టుకోవాలంటే నెలంతా తిరగెయ్యాలి.

ఇప్పుడు ఆయన చివరికి పంపిన మెయిల్ చదువుతాను. ఇంచుమించు అదే మాటల్లో.

"అందరికీ, 

సోమవారం నుంచి మన గోడౌన్లో సరుకు ఏ రకంగా కదిలినా అదే రోజు రికార్డు చెయ్యాలి. కదలడం అంటే: లారీ నుంచి దిగడం, డీలర్‌కి వెళ్లడం, వాపసు రావడం, ఒక ర్యాక్ నుంచి ఇంకో ర్యాక్‌కి మారడం, పగిలినవి తడిసినవి పక్కన పెట్టడం, శాంపిల్ తియ్యడం, పక్క డిపోకి చేబదులు ఇవ్వడం లేదా తీసుకోవడం.

సరుకు కదిపినవారే అక్కడికక్కడ చీటీ రాయాలి. చీటీలో సరుకు పేరు, బ్యాచ్, ఎన్ని, ఎక్కడి నుంచి ఎక్కడికి, టైము, సంతకం ఉండాలి. చీటీని డాక్ దగ్గరున్న ట్రేలో వెయ్యాలి, జేబులో పెట్టుకోకూడదు. ఆపరేటర్ 11 గంటలకి, 3 గంటలకి, సాయంత్రం 6:30కి ట్రే ఖాళీ చేసి ఎంట్రీలు చేస్తారు. ఆ రోజు 7 గంటలకి ట్రేలో చీటీ మిగలకూడదు.

6:30 తర్వాత దిగిన సరుకుని పసుపు గీత లోపల పెట్టి, చీటీ అంటించి వదిలెయ్యండి. అది మర్నాటి సరుకు. మర్నాడు మొదటి ఎంట్రీ అదే. పసుపు గీత లోపలి సరుకులోంచి ఒక్క కేసు కూడా బయటికి ఇవ్వకూడదు.

ఇన్వాయిస్ లేకపోయినా, బ్యాచ్ కలవకపోయినా, సరుకు పాడైందో లేదో తేలకపోయినా ఎంట్రీ ఆపకండి. లెక్కపెట్టి, 'తేలని సరుకు' అనే చోట ఎక్కించండి. తేలాక అక్కడి నుంచి మార్చవచ్చు.

మర్చిపోయిన ఎంట్రీ గుర్తొస్తే, గుర్తొచ్చిన రోజునే చెయ్యండి. కదిలిన తేదీ నిజమైనది వెయ్యండి, ఆలస్యానికి కారణం రిమార్క్స్‌లో రాయండి. ఆలస్యంగా చెప్పినందుకు ఎవరినీ ఏమీ అనం. లెక్క సరిపెట్టడానికి అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ మాత్రం నా సంతకం లేకుండా ఎవరూ వెయ్యకూడదు.

కంప్యూటర్ ఆగిపోతే నంబర్లు వేసిన షీట్లు నా టేబుల్ సొరుగులో ఉన్నాయి. వాటిలో రాయండి. కంప్యూటర్ వచ్చాక ముందు ఆ షీట్లు ఎక్కాకే కొత్త బిల్లు.

ఆదివారం అందరం కలిసి మొత్తం సరుకు లెక్కపెడదాం. సోమవారం ఆ లెక్కతోనే మొదలవుతుంది. రెండు వారాల పాటు ఎక్కడ ఇబ్బంది వస్తోందో నాకు చెప్పండి."

ఇంతే మెయిల్. కొంచెం పొడుగే. కానీ అందులో ప్రతి ముక్కా సోమవారం నుంచి గురువారం దాకా జరిగినదానిలో ఏదో ఒకదానికి జవాబు. అన్నిటి గురించీ చెప్పను, రెండు మూడింటి దగ్గర ఆగుతాను.

ముందు "తేలని సరుకు". నా లెక్కలో ఈ మెయిల్ ప్రాణం ఇక్కడే ఉంది. ఎంట్రీ ఎందుకు ఆలస్యమవుతుందని ఏ గోడౌన్లో అడిగినా "పని ఒత్తిడి" అంటారు. నిజంగా పెండింగ్ ట్రే తీసి ఒక్కొక్క కాగితం చూడండి. ఎక్కువ కాగితాలు ఇంకో కాగితం కోసం ఎదురుచూస్తుంటాయి. ఇన్వాయిస్ రాలేదు, రేటు తేలలేదు, బ్యాచ్ కలవలేదు, వాపసు ఎందుకొచ్చిందో డీలర్ చెప్పలేదు. కుర్రాడికి మనం నేర్పింది "పూర్తిగా తెలిస్తేనే ఎక్కించు" అని. అందుకని వాడు ఆపుతున్నాడు. మనం నేర్పాల్సింది, తెలిసినంత ఎక్కించు, తెలియనిది తెలియనిదని రాయి. 30 కేసులు దిగాయన్నది పదకొండింటికే తెలుసు. రెండు తడిశాయన్నదీ తెలుసు. తెలియనిది ఒక్క బ్యాచ్ నంబరే. ఆ రోజే 30 కేసుల్నీ ఎక్కించి, బ్యాచ్ కలిసినవాటిని మామూలు ర్యాక్‌లోకీ, కలవనివాటిని, తడిసిన రెంటినీ తేలని చోటుకీ పంపితే, బిల్లింగ్ అమ్మాయికి కనీసం సగం సరుకు కనిపించేది. తేలనిది అమ్మకానికి కనిపించదు, కానీ ఉందని మాత్రం కనిపిస్తుంది. మీరు వాడేది ట్యాలీ అయితే దీనికోసం ఇంకొక గోడౌన్ పేరు సృష్టించుకుంటే చాలు. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఆపిన సరుకుకి, పరీక్షలో ఉన్న సరుకుకి వేరే స్థితి ఎలాగూ ఉంటుంది.

మందుల గోడౌన్‌లో ఇంకో సంగతి ఉంది. ఏదైనా బ్యాచ్ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమని కంపెనీ చెబితే, ఆ బ్యాచ్ మన దగ్గర ఎన్ని ఉన్నాయి, ఎవరెవరికి వెళ్లాయి అని ఆ గంటే చెప్పాలి. వాపసు వచ్చిన 3 కేసులు ర్యాక్ పక్కన పేరూ ఊరూ లేకుండా ఉంటే, అవి ఏ డీలర్ నుంచి వచ్చాయో, ఏ బ్యాచో ఎవరు చెబుతారు? అందులో ఒక కేసు మంచి సరుకుతో కలిసి మళ్లీ బయటికి వెళ్లిపోలేదని ఎవరు ప్రమాణం చేస్తారు?

తర్వాత, బిల్లు అయిన 15 కేసులు. ఇది మెయిల్‌లో సూటిగా లేదు, ఉండాల్సింది. నేను తర్వాత చెప్పి చేర్పించాను. మనం ఎంట్రీ ఆలస్యం గురించే మాట్లాడుకుంటాం కానీ ఇక్కడ ఎంట్రీ తొందరపడింది. బిల్లు నాలుగింటికి, సరుకు మర్నాడు. ఈ మధ్యలో ఎవరు లెక్కపెట్టినా 15 ఎక్కువ వస్తాయి. మామూలు రోజుల్లో పెద్ద ప్రమాదం కాదు. నెలాఖరు అమ్మకాల ఒత్తిడిలో, ముఖ్యంగా మార్చి 31 రాత్రి, ఇదే కొండంత అవుతుంది. అమ్మకం ఈ సంవత్సరంలో, సరుకు వచ్చే సంవత్సరంలో. ఆడిటర్లు మొదట వెతికేది ఇదే. దీనికి మార్గం, బిల్లు అయ్యి బయలుదేరని సరుకుని డాక్ దగ్గర వేరే గీత లోపల పెట్టి, ఆ చోటుకి ఒక పేరు పెట్టడం. అక్కడి నుంచి బండిలోకి ఎక్కడం ఇంకో కదలిక, దానికీ చీటీ. సరుకు రవాణాకి కావాల్సిన ఈ-వే బిల్లు తీసి బండి రాకపోతే, తీసిన 24 గంటల్లోపే దాన్ని రద్దు చెయ్యగలం అన్నది కూడా గుర్తుంచుకోండి. బండి రేపు వస్తుందిలే అని ఊరుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

మూడోది, పాత తేదీ. మెయిల్‌లో "కదిలిన తేదీ నిజమైనది వెయ్యండి, ఎంట్రీ మాత్రం గుర్తొచ్చిన రోజున" అని ఉంది కదా. రెండు తేదీలూ ఉండాలి, రెండూ వేరువేరుగా కనిపించాలి. మన వాళ్లకి ఒక అలవాటు ఉంది. నిన్నటి ఎంట్రీ ఇవాళ చేస్తూ, నిన్ననే చేసినట్టు కనిపించాలని నిన్నటి తేదీ వేసేస్తారు, రిమార్క్ రాయరు. అప్పుడు రికార్డు చూస్తే అంతా సకాలంలో జరిగినట్టే ఉంటుంది. నిబంధన పాటించకుండానే పాటించినట్టు కనబడుతుంది, అసలు ప్రమాదం అదే.

ఇది మన ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. జీఎస్టీ చట్టం 35వ సెక్షన్ నిల్వ ఖాతా సరిగ్గా ఉంచమంటుంది. నియమాల్లో 56వది ఇంకా వివరంగా చెబుతుంది: ప్రారంభ నిల్వ, వచ్చింది, వెళ్లింది, పోయినవి, దొంగిలించబడినవి, పాడైనవి, రైట్ ఆఫ్ చేసినవి, శాంపిళ్లు, మిగిలిన నిల్వ, అన్నీ ఉండాలి. రాసినదాన్ని చెరిపేయకూడదు, దానిమీదే దిద్దకూడదు. కంప్యూటర్‌లో ఉంచితే, మార్చిన, తీసేసిన ప్రతి ఎంట్రీకి లాగ్ ఉండాలి. కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి. అంటే మీరు మంగళవారం కూర్చుని సోమవారం తేదీ వేసినా, మంగళవారం వేశారని లాగ్ చెబుతుంది. దాచలేని దాన్ని దాచే ప్రయత్నం ఎందుకు? ఆ తడిసిన 2 కేసులు కూడా ఇందులోకే వస్తాయి. పాడైన సరుకుని రైట్ ఆఫ్ చేస్తే దాన్ని కొన్నప్పుడు కట్టిన పన్నుకి తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. ఏ నెలలో పాడైందో తెలియకపోతే అకౌంట్స్ వాళ్లు మిమ్మల్నే అడుగుతారు.

"ఆలస్యంగా చెప్పినందుకు ఎవరినీ ఏమీ అనం" అన్న మాట మీద ఆయనకీ నాకూ వాదన జరిగింది. భయం లేకపోతే ఎవరు చేస్తారండీ అన్నారు. ఆ డిపోలోనే జవాబుంది. గురువారం జేబులో చీటీ దొరికినప్పుడు, ఆలస్యానికి జీతం కోస్తారని తెలిసి ఉంటే ఆ పికర్ ఏం చేసేవాడు? చీటీ చింపేసేవాడు. అప్పుడు లెక్క సరిపోయి ఉండేది కూడా, సూపర్‌వైజర్ వేసిన 3 కేసుల అడ్జస్ట్‌మెంట్ పుణ్యమా అని! (నవ్వులు) కానీ ఆ డీలర్‌కి వాపసు డబ్బు జమ అయ్యేది కాదు. వారం తిరక్కుండా డీలర్ ఫోన్ చేసేవాడు. శిక్ష వెయ్యాల్సింది అడ్జస్ట్‌మెంట్‌కి, ఆలస్యానికి కాదు. అందుకే మేనేజర్ సంతకం అక్కడ పెట్టించాను.

మెయిల్ పంపితే సరిపోతుందా అంటే, హమాలీలకి మెయిల్ ఐడీలు ఉండవు. అసలు సరుకు కదిపేది వాళ్లే. కాబట్టి మెయిల్‌లోంచి నాలుగు ముక్కలు పెద్ద అక్షరాల తెలుగులో డాక్ గోడకి అంటించారు. సోమవారం పొద్దున లారీ రాకముందు ముఠా మేస్త్రిని పిలిచి, అందరి ముందూ ఒక కేసుకి చీటీ రాయించారు. మేస్త్రికి రాయడం రాదు, ఆయన చెబుతుంటే కుర్రాడు రాశాడు, మేస్త్రి వేలిముద్ర వేశాడు. అది నాకు నచ్చింది. ఆయన మాట లెక్కలోకి వచ్చింది కదా.

ఇక పాటిస్తున్నారో లేదో ఎలా తెలుసుకోవడం? రిజిస్టర్ తిరగేసి ప్రయోజనం లేదు, రిజిస్టర్ ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఎంట్రీ కంప్యూటర్లోకి ఎక్కిన టైము చూడండి. శాప్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు MB51 రిపోర్టులో పోస్టింగ్ తేదీ పక్కన ఎంట్రీ తేదీ, టైము కూడా తెచ్చుకుని చూడండి. ఆ డిపోలో మొదటి వారం చూస్తే, ఎంట్రీలన్నీ ఆ రోజువే. మేనేజర్ గారు సంతోషించారు. టైములు చూస్తే ముప్పాతిక ఎంట్రీలు 6:40కీ 7కీ మధ్యలో ఉన్నాయి. అంటే 11 గంటలకీ 3 గంటలకీ ట్రే ఎవరూ ముట్టుకోలేదు. పికర్లు సాయంత్రం కూర్చుని గుర్తున్నంత వరకు చీటీలు రాసి ఒక్కసారే వేస్తున్నారు. నిబంధన ప్రకారం తప్పు లేదు, ఆ రోజే రాశారు. కానీ మధ్యాహ్నం బిల్లింగ్ అమ్మాయి చూసే నిల్వ మళ్లీ పాతదే. 35 కేసులు అడిగిన డీలర్ ఎప్పుడు అడుగుతాడు? మధ్యాహ్నమే అడుగుతాడు, ఏడు గంటలకి కాదు.

రెండో గుర్తు మైనస్ నిల్వ. ఏదైనా సరుకు కంప్యూటర్లో మైనస్ 4 అని కనబడితే, రానిది వెళ్లిందని అర్థం, అంటే చాలాసార్లు దిగినప్పుడు రాయలేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు మైనస్‌లోకి పోనివ్వవు, కొన్ని హెచ్చరించి ఊరుకుంటాయి. నేనైతే రోజూ పొద్దున మైనస్‌ల జాబితా తీసి చూడమంటాను. ఆ జాబితా ఖాళీగా ఉంటే అంతా బాగుందని కాదు, జాబితాలో పేరు ఉంటే మాత్రం ఇన్‌వర్డ్ దగ్గరో బిల్లు దగ్గరో ఏదో తేడా ఉందని కచ్చితం.

మూడోది, సాయంత్రం ఎంట్రీలన్నీ అయ్యాక ఆ రోజు కదిలిన సరుకుల్లోంచి ఐదు తీసుకుని వెళ్లి లెక్కపెట్టడం. కదలనివి లెక్కపెట్టకండి, అవి ఎలాగూ సరిపోతాయి. తేడా వస్తే అది ఆ రోజుదే, ఆ మనుషులు ఇంకా గోడౌన్లోనే ఉన్నారు, అడిగితే గుర్తుంటుంది. ఆ రోజే రాయడం వల్ల అసలు లాభం ఇదే. తప్పులు ఆగవు. లెక్కపెట్టడంలో తప్పు చేసి 12 బదులు 21 రాస్తే, ఆ రోజే రాసినా తప్పే. కానీ ఆ తప్పు ఏ రోజుదో తెలుస్తుంది, వెతకాల్సిన చోటు నెల నుంచి ఒక రోజుకి తగ్గుతుంది.

ఇంక మీరు అడగండి. అక్కడ, చెయ్యి ఎత్తినవారు.

ప్రశ్న: అండీ, మాది కిరాణా హోల్‌సేల్ గోడౌన్. ఆపరేటర్ ఒక్కడే. రోజుకి రెండొందల ఎంట్రీలు. ఇవన్నీ ఆ రోజే అంటే వాడు పారిపోతాడు.

పారిపోతాడు, నిజమే. ఒక్కో ఎంట్రీకి నిమిషం అనుకున్నా రెండొందలకి మూడు గంటల పైనే. సాయంత్రం ఆరింటికి కూర్చోబెడితే తొమ్మిదిన్నర అవుతుంది. రోజులో మూడుసార్లు, గంట గంట చొప్పున చేస్తే అదే పని అదే మనిషి ఇంటికి టైముకి వెళతాడు. ఆ మూడు గంటలూ వాడిని ఇంకో పనికి పిలవకూడదు, బ్యాంకుకి పంపకూడదు. అది మీరు ఇవ్వాల్సింది. రెండోది, ర్యాక్ నుంచి ర్యాక్‌కి మారినవి మీకు అవసరమా చూసుకోండి. మీ గోడౌన్లో బియ్యం ఒక మూల, నూనె ఒక మూల ఉంటాయి, కంప్యూటర్లో ర్యాక్ నంబర్లే లేవు. అలాంటప్పుడు ఆ కదలిక రాయక్కర్లేదు. బ్యాచ్, ఎక్స్‌పైరీ చూసుకోవాల్సిన చోటే అది కావాలి. అందరూ అన్నీ రాయాలని నేను అనను. మీరు ఏవి రాస్తామని మెయిల్‌లో పెట్టారో అవి మాత్రం రాయాలి.

ప్రశ్న: సార్, మా దగ్గర అందరూ రాస్తారు. మా ఓనర్ గారే సాయంత్రం వచ్చి పక్క షాపు ఆయనకి నాలుగు కేసులు చేబదులు ఇచ్చేసి, "రేపు రాద్దాంలే" అంటారు. ఆయనకి ఎలా చెప్పమంటారు? (నవ్వులు)

ఇది అసలు ప్రశ్న. ఆయనకి నిబంధన చెప్పకండి, కోపం వస్తుంది. సరుకు ఆయనది. చేబదులు ఇవ్వొద్దని కూడా అనకండి, పక్కపక్క వ్యాపారులకి అది లేకపోతే రోజు గడవదు. ఒక చీటీ పుస్తకం ఆయన కార్లో పెట్టించండి. ఆయన రాయరు, మీకు తెలుసు. కాబట్టి గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇంకొక పుస్తకం ఇవ్వండి. కేసు గేటు దాటితే ఎవరు తీసుకెళ్లినా వాచ్‌మన్ రాస్తాడు: ఏం సరుకు, ఎన్ని, ఎవరు, ఎన్నింటికి. పొద్దున ఆపరేటర్ మొదట ఆ పుస్తకం చూసి, "చేబదులు ఇచ్చినవి" అని ఒక చోటు పెట్టి అక్కడికి ఎక్కిస్తాడు. నెలాఖరుకి ఆ చోటులో ఏముందో ప్రింటు తీసి ఓనర్ గారి టేబుల్ మీద పెట్టండి. ఎవరెవరి దగ్గర ఎన్ని కేసులు తిరిగి రావాలో అందులో ఉంటుంది. ఆ కాగితం చూశాక ఆయనే వాచ్‌మన్‌ని పిలిచి "సరిగ్గా రాస్తున్నావా" అని అడుగుతారు.